ల్యాడర్ నెట్‌వర్క్‌లో మొత్తం రెసిస్టెన్స్: చివరి మెట్టు నుంచి వెనక్కి రావాలి

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు. డిప్లొమా ఫస్టియర్ ఈఈఈ. కింద ఉన్న ల్యాడర్ నెట్‌వర్క్‌లో A, B మధ్య ఈక్వివలెంట్ రెసిస్టెన్స్ కనుక్కోమన్నారు. పైన వరసగా ఉన్నవి సిరీస్ అనుకుని కూడేశాను, నిలువుగా ఉన్నవి ప్యారలల్ అనుకుని కలిపాను. నాకు 14.33 ఓమ్‌లు వస్తోంది, ఆన్సర్ మాత్రం 10 అని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అర్థం కావట్లేదు. మొదటి నుంచి చెప్తారా?

```
A---[R1 7]---C---[R3 4]---D---[R5 2]---E
             |            |            |
          [R2 6]       [R4 3]       [R6 4]
             |            |            |
B------------+------------+------------+
```

సమాధానం:

తమ్ముడూ, నీ కూడికల్లో, భాగహారాల్లో తప్పేమీ లేదు. పైన ఉన్న 7, 4, 2 కలిపితే 13. నిలువుగా ఉన్న 6, 3, 4 ప్యారలల్‌గా కలిపితే 1.33. రెండూ కలిపి 14.33. తప్పు జరిగింది లెక్క మొదలవకముందే. ఒకే గీత మీద ఉన్నాయి కాబట్టి సిరీస్ అనీ, పక్కపక్కనే నిలువుగా ఉన్నాయి కాబట్టి ప్యారలల్ అనీ బొమ్మను చూసి అనుకున్నావు. విజయవాడలో నా దగ్గర ల్యాబ్ చేసే ఫస్టియర్ పిల్లలు కూడా ల్యాడర్ కనపడగానే ముందు చేసే పని ఇదే. బొమ్మ ఎలా గీశారన్నదానితో సిరీస్‌కీ ప్యారలల్‌కీ సంబంధం లేదు. కరెంటు ఎటు పోతోంది, ఎక్కడ చీలుతోంది అన్నదే చూడాలి.

ముందు సిరీస్ సంగతి తేల్చుకుందాం. రెండు రెసిస్టర్లు సిరీస్‌లో ఉన్నాయనాలంటే ఒకదాని గుండా వెళ్లిన కరెంటు మొత్తం, చుక్క కూడా పక్కకు పోకుండా, రెండోదాని గుండా వెళ్లాలి. మన బందరు కాలువనే చూడు. మధ్యలో ఒక్క తూము కూడా లేని చోట పైన ఎంత నీరు పారితే కింద అంతే పారుతుంది. మధ్యలో ఒక తూము తెరిస్తే ఇక పైన నీరు వేరు, కింద నీరు వేరు. కాలువ తిన్నగానే ఉన్నా సరే. నీ బొమ్మలో C దగ్గర ఉన్న R2 సరిగ్గా అలాంటి తూమే. R1 నుంచి వచ్చిన కరెంటులో కొంత R2 గుండా కిందకు దిగిపోతుంది, మిగిలింది మాత్రమే R3లోకి వెళ్తుంది. అందుకే R1, R3 ఒకే గీత మీద ఉన్నా సిరీస్ కావు. వాటిని కూడటానికి వీల్లేదు.

ఇది గుర్తుపట్టడానికి ఒక పని చెయ్యి. రెండు రెసిస్టర్లు కలిసే చోట వేలు పెట్టి, అక్కడికి ఎన్ని తీగలు వస్తున్నాయో లెక్కపెట్టు. రెండే ఉంటే అవి సిరీస్. మూడోది ఏదైనా ఉంటే కావు. C దగ్గర లెక్కపెట్టు: R1, R2, R3, మొత్తం మూడు. D దగ్గర R3, R4, R5, మళ్లీ మూడు. E దగ్గర మాత్రం R5, R6, అంతే. అంటే ఈ మొత్తం బొమ్మలో సిరీస్ అనదగ్గ జత ఒక్కటే ఉంది, R5తో R6. బ్యాటరీ తగిలించే చోట్లు, అంటే A, B కూడా తీగ కిందే లెక్క, అది మర్చిపోవద్దు. అక్కడ బయటి నుంచి కరెంటు వచ్చిపోతుంది కదా.

ఇక ప్యారలల్. రెండు రెసిస్టర్ల రెండు కొసలూ అవే రెండు బిందువుల దగ్గర కలవాలి. ఒక కొస కలిస్తే చాలదు. R2, R4 చూడు. కింద కొసలు రెండూ B గీత మీదే ఉన్నాయి, బాగానే ఉంది. పై కొసలు? R2ది C దగ్గర, R4ది D దగ్గర. C, D ఒకే బిందువు కావు, వాటి మధ్య 4 ఓమ్‌ల R3 ఉంది. అక్కడ R3 బదులు ఉత్త తీగ ఉండి ఉంటే C, D ఒకటే అయ్యేవి, అప్పుడు R2, R4 ప్యారలల్ అయ్యేవి. ఇప్పుడైతే కావు. ఈ బొమ్మలో, ఇప్పుడున్న స్థితిలో, ప్యారలల్ జత ఒక్కటి కూడా లేదు.

కింది గీత మీద B, +, +, + అని నాలుగు చోట్ల గుర్తులున్నాయి కదా, వాటి మధ్య రెసిస్టర్ ఏదీ లేదు కాబట్టి ఆ గీత మొత్తం ఒకే బిందువు. దాన్నంతా B అనే అనుకో. కలర్ పెన్నులుంటే ఆ గీతంతా ఒక రంగు వేసి, C చుట్టూ ఒక రంగు, D చుట్టూ ఒక రంగు వెయ్యి. ఒక రెసిస్టర్ రెండు కొసల రంగులు ఇంకో రెసిస్టర్ రెండు కొసల రంగులతో కలిస్తేనే ప్యారలల్. కాస్త చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది గానీ, పరీక్ష టెన్షన్‌లో కూడా తప్పు పోనివ్వదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్న నీ ప్రశ్నకు జవాబు ఈపాటికి వచ్చేసింది. మొదలుపెట్టగలిగే చోటు ఒక్కటే ఉంది: బ్యాటరీకి అన్నిటికంటే దూరంగా ఉన్న కొస. అక్కడ R5, R6 కలుస్తాయి. అవి కలిశాక ఇంకో జత కలపడానికి దారి దొరుకుతుంది. అది కలిశాక ఇంకొకటి. అలా A, B దాకా వెనక్కి రావాలి. ఒక్కో అడుగుకీ బొమ్మ మళ్లీ గీయి. కాగితం మిగుల్చుకుందామని పాత బొమ్మ మీదే కొట్టేసుకుంటూ పోతే రెండో అడుగులోనే ఏది ఉంది, ఏది పోయింది తెలియకుండా పోతుంది.

మొదటి అడుగు. R5, R6 సిరీస్, 2 + 4 = 6. ఇప్పుడు ఆ రెండిటినీ చెరిపేసి D నుంచి B దాకా ఒకే 6 ఓమ్ రెసిస్టర్ గీయి. E అనే బిందువు ఇక లేదు.

```
A---[R1 7]---C---[R3 4]---D--------+
             |            |        |
          [R2 6]       [R4 3]     [6]
             |            |        |
B------------+------------+--------+
```

ఇప్పుడు చూడు, R4కి పై కొస D, కింద కొస B. కొత్త 6 ఓమ్‌లకూ పై కొస D, కింద కొస B. ఇప్పుడు ప్యారలల్ జత పుట్టింది. రెండిటినీ కలపడానికి లబ్ధం బై మొత్తం అన్న పద్ధతి వాడు: (3 × 6) / (3 + 6) = 18 / 9 = 2 ఓమ్‌లు. R4నీ ఆ 6నీ చెరిపి D నుంచి B దాకా ఒక 2 ఓమ్‌లు గీయి.

అలా గీయగానే D దగ్గర ఎన్ని తీగలు మిగిలాయి? R3 ఒకటి, ఈ 2 ఓమ్‌లు ఒకటి. రెండే. ఇందాక సిరీస్ కాని R3 ఇప్పుడు సిరీస్ అయింది. 4 + 2 = 6 ఓమ్‌లు, C నుంచి B దాకా.

ఆ 6, R2 రెండూ ఇప్పుడు C, B మధ్యే ఉన్నాయి. 6తో 6 ప్యారలల్. రెండు సమానమైనవి ప్యారలల్‌లో ఉంటే సగం అవుతుంది, 3 ఓమ్‌లు. ఇక్కడ సూత్రం రాయాల్సిన పని లేదు. చివరికి R1 ఒక్కటీ ఈ 3 ఒక్కటీ మిగిలాయి, C దగ్గర రెండే తీగలు. 7 + 3 = 10 ఓమ్‌లు. అదే నీకు ఇచ్చిన ఆన్సర్.

```
2 + 4           = 6
3*6 / (3 + 6)   = 2
4 + 2           = 6
6*6 / (6 + 6)   = 3
7 + 3           = 10
```

ఒక సిరీస్, ఒక ప్యారలల్, మళ్లీ సిరీస్, మళ్లీ ప్యారలల్. ల్యాడర్ ఎంత పొడుగున్నా ఇదే వరస నడుస్తుంది. మూడు మెట్లకు బదులు పది మెట్లిచ్చినా కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. ఒకేసారి మూడు రెసిస్టర్లను కలపాల్సిన అవసరం కూడా రాదు. వచ్చినట్టు అనిపిస్తే ఎక్కడో ఒక అడుగు దాటేశావని అర్థం. మూడిటికి లబ్ధం బై మొత్తం అని వాడేవాళ్లు కూడా ఉన్నారు. అది తప్పు, ఆ పద్ధతి రెండిటికే పనిచేస్తుంది.

ప్యారలల్ దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకోటి ఉంది. 1/3 + 1/6 చేసి 1/2 తెచ్చుకుంటారు, దాన్ని తిరగేయకుండా 0.5 ఓమ్‌లు అని రాసేస్తారు. ప్యారలల్‌లో జవాబు చిన్నదాని కంటే తక్కువ రావాలి అని అందరికీ చెప్తారు. 0.5 కూడా 3 కంటే తక్కువే కదా, కాబట్టి ఆ ఒక్క నియమంతో ఈ తప్పు దొరకదు. రెండో హద్దు కూడా పెట్టుకోవాలి. రెండు రెసిస్టర్లు ప్యారలల్‌లో ఉంటే జవాబు చిన్నదానిలో సగం కంటే తగ్గదు. ఎందుకంటే రెండోది దానితో సమానమైతే సరిగ్గా సగం వస్తుంది, రెండోది పెద్దదయ్యేకొద్దీ జవాబు సగం నుంచి పైకే జరుగుతుంది. మన 3, 6 జతకు జవాబు 1.5కీ 3కీ మధ్య ఉండాలి. 2 ఉంది, సరిపోయింది. 0.5 అయితే అక్కడే దొరికిపోయేది.

ఇదే ఆలోచనను మొత్తం ల్యాడర్‌కి పెడితే నీ 14.33 తప్పని ఆన్సర్ చూడకుండానే తెలిసేది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, అందుకే కొంచెం నిదానంగా చెప్తాను. A నుంచి బయల్దేరిన కరెంటు ఎటు పోవాలన్నా ముందు R1 దాటాలి, వేరే దారి లేదు. కాబట్టి జవాబు 7 కంటే తక్కువ కాదు. C చేరాక R2 గుండా నేరుగా B చేరే దారి ఒకటి ఎలాగూ ఉంది. కుడివైపు ఉన్న మిగతా నెట్‌వర్క్ అంతా దానికి ప్యారలల్‌గా వచ్చే అదనపు దారి. అదనపు దారి ఉంటే రెసిస్టెన్స్ తగ్గుతుందే తప్ప పెరగదు. అంటే C, B మధ్య విలువ R2 కంటే, అంటే 6 కంటే, ఎక్కువ ఉండే ప్రసక్తే లేదు. 7కి 6 కలిపితే 13. కుడివైపు ఏమున్నా, ఎన్ని మెట్లున్నా, మొత్తం జవాబు 7కీ 13కీ మధ్యే ఉండి తీరాలి. 14.33 ఆ హద్దు దాటిపోయింది. ఏ ల్యాడర్ లెక్కకైనా ముందు ఈ రెండు సంఖ్యలు మార్జిన్‌లో రాసుకో: మొదటి అడ్డ రెసిస్టర్ ఒకటి, దానికి మొదటి నిలువు రెసిస్టర్ కలిపితే వచ్చేది ఇంకొకటి. రాయడానికి పట్టే టైమ్ ఎంత?

హద్దుల్లో ఉన్నంత మాత్రాన జవాబు కరెక్ట్ అని కాదు. 11 వచ్చినా హద్దుల్లోనే ఉంటుంది. పూర్తిగా నమ్మకం కావాలంటే ఒక బ్యాటరీ ఉందనుకుని ముందుకు వెళ్లి చూడాలి. 12 వోల్టులు పెడదాం. మొత్తం 10 ఓమ్‌లు కాబట్టి కరెంటు 1.2 ఆంపియర్లు. అదంతా R1 గుండా పోతుంది, అక్కడ 1.2 × 7 = 8.4 వోల్టులు పడతాయి. C దగ్గర మిగిలేది 3.6 వోల్టులు. R2లో 3.6 / 6 = 0.6 ఆంపియర్లు దిగిపోతాయి, R3లోకి వెళ్లేది మిగిలిన 0.6. R3 మీద 0.6 × 4 = 2.4 వోల్టులు పోగా D దగ్గర 1.2 వోల్టులు. R4లో 1.2 / 3 = 0.4 ఆంపియర్లు. R5, R6 గుండా పోయేది మిగిలిన 0.2.

ఇప్పుడు అసలు పరీక్ష. R5 మీద 0.2 × 2 = 0.4 వోల్టులు, R6 మీద 0.2 × 4 = 0.8 వోల్టులు. రెండూ కలిపి 1.2. D దగ్గర మనకు వచ్చింది కూడా 1.2. కొస దగ్గర రెండు వైపుల నుంచి వచ్చిన లెక్కలు ఇలా కలిశాయంటే 10 అన్నది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నువ్వు 11 అనుకుని మొదలుపెట్టి ఉంటే ఈ చివరి చోట లెక్క కలవదు. ఎక్కడ తప్పిందో చూడాలంటే వెనక్కి వచ్చేటప్పుడు రాసుకున్న 6, 2, 6, 3 విలువలతో పోల్చుకోవచ్చు. ఉదాహరణకి C దగ్గర 3.6 వోల్టులు, అక్కడి నుంచి కుడివైపు వెళ్లే కరెంటు 0.6 అయితే 3.6 / 0.6 = 6, అదే మూడో అడుగులో వచ్చిన 6.

ఇంకో విషయం చెప్పకపోతే రేపు పరీక్షలో ఇబ్బంది పడతావు. ఇదే బొమ్మ ఇచ్చి "D, B మధ్య రెసిస్టెన్స్ ఎంత" అని అడగొచ్చు. అక్కడ చాలామంది మళ్లీ 10 రాస్తారు, లేదా ఇందాకటి లెక్కలో D దగ్గర వచ్చిన 2 రాస్తారు. రెండూ తప్పే. కరెంటు ఇప్పుడు D దగ్గర లోపలికి వచ్చి B దగ్గర బయటికి పోతోంది. A దగ్గర ఏమీ తగిలించలేదు, గాల్లో వదిలేశాం. కాబట్టి R1 లోకి వెళ్లిన కరెంటుకి బయటపడే దారి లేదు, అందులో కరెంటే ఉండదు, దాన్ని పూర్తిగా చెరిపేయొచ్చు. R1 పోగానే C దగ్గర రెండే తీగలు మిగులుతాయి, R2, R3. ఇందాక A, B మధ్య చూసినప్పుడు ఏ అడుగులోనూ సిరీస్‌గా రాని R2, R3 ఇప్పుడు సిరీస్ అయ్యాయి: 6 + 4 = 10. అటువైపు R5, R6 ఎప్పటిలాగే 6. మధ్యలో R4, 3. ఈ మూడూ D, B మధ్యే ఉన్నాయి. ముందు 3, 6 కలిపితే 2, ఆ 2కి 10 ప్యారలల్ కలిపితే 20 / 12, అంటే సుమారు 1.67 ఓమ్‌లు.

అందుకే ఫలానా రెండు రెసిస్టర్లు సిరీస్‌లో ఉన్నాయా అని ఎవరైనా అడిగితే నేను ముందు "ఏ రెండు బిందువుల మధ్య చూస్తున్నావు" అని ఎదురు అడుగుతాను. ఆ రెండు బిందువులు తెలియకుండా జవాబు చెప్పడం కుదరదు. లెక్క మొదలుపెట్టేటప్పుడు ఆ రెండిటి దగ్గర పెద్ద చుక్కలు పెట్టి, వాటికి ఒక బ్యాటరీ గీసేసుకో. కరెంటు పోలేని కొమ్మలు ఏవైనా ఉంటే ముందే కొట్టెయ్.

చేత్తో కట్టి చూస్తే ఇదంతా ఇంకా బాగా ఎక్కుతుంది. అయితే పైన ఉన్న విలువలతోనే కట్టకు. 12 వోల్టులు పెడితే R1లో 1.2 ఆంపియర్లు పోతాయని చూశాం కదా, అంటే 1.2 × 8.4, సుమారు 10 వాట్ల వేడి. షాపులో మామూలుగా దొరికే పావు వాట్ రెసిస్టర్ క్షణాల్లో మాడిపోతుంది. పైగా మామూలు మల్టీమీటర్ లీడ్లకే కొంత రెసిస్టెన్స్ ఉంటుంది, రెండు లీడ్లూ ఒకదానికొకటి తాకించి చూస్తే 0.3, 0.4 అని ఏదో చూపిస్తుంది. 2 ఓమ్‌ల రెసిస్టర్లతో పని చేసేటప్పుడు ఆ తేడా చాలా పెద్దది. గవర్నర్‌పేట వైపు ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే షాపులో అడిగి 1 కిలో ఓమ్ రెసిస్టర్లు ఆరు తెచ్చుకో, గుంటూరులో దొరికితే అక్కడే తీసుకో. వాటి మీద గోధుమ, నలుపు, ఎరుపు, చివర బంగారు రంగు పట్టీలుంటాయి. బంగారు పట్టీ అంటే విలువ 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని.

ఆరూ 1 కిలో ఓమ్ అయితే జవాబు ముందు కాగితం మీద తెచ్చుకో. కొసన 1 + 1 = 2 కిలో ఓమ్‌లు. దానికి 1 ప్యారలల్, 0.667. దానికి 1 సిరీస్, 1.667. దానికి 1 ప్యారలల్, 0.625. చివరికి 1 సిరీస్, 1.625 కిలో ఓమ్‌లు, అంటే 1625 ఓమ్‌లు. 5 శాతం తేడా లెక్కేస్తే మీటర్ మీద దాదాపు 1544 నుంచి 1706 మధ్య ఏది కనపడినా సరే. కొలిచేటప్పుడు బ్యాటరీ తగిలించి ఉండకూడదు, రెండు లీడ్ల కొసలనూ వేళ్లతో పట్టుకోకూడదు. బ్రెడ్‌బోర్డులో ఒక వరసలోని ఐదు రంధ్రాలూ లోపల కలిసే ఉంటాయి. ఒకే రెసిస్టర్ రెండు కాళ్లూ ఆ ఐదిట్లోనే గుచ్చితే ఆ రెసిస్టర్ లేనట్టే లెక్క. R1ని అలా గుచ్చితే మీటర్ 625 చూపిస్తుంది. 625 అనగానే మన లెక్కలో ఒక అడుగు ముందున్న విలువ గుర్తు రావాలి.

ఇప్పుడు జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. మొదటి నిలువు రెసిస్టర్ R2 కాలు రంధ్రంలో సరిగ్గా దిగలేదనుకో, మీటర్ 1.667 + 1, అంటే 2667 చూపిస్తుంది. ఎక్కడో తేడా ఉందని వెంటనే తెలిసిపోతుంది. అదే కొసన ఉన్న R6 కాలు ఊడిపోయిందనుకో. అప్పుడు R5లో కరెంటు ఉండదు, R3, R4 కలిసి 2 కిలో ఓమ్‌లు, దానికి R2 ప్యారలల్ 0.667, R1తో కలిపి 1667. ఈ 1667 మనం పెట్టుకున్న 1544, 1706 హద్దుల మధ్యే ఉంది. అంటే R6 పూర్తిగా ఊడిపోయినా A, B మధ్య మీటర్ పెట్టి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ల్యాడర్ స్వభావమే అంత. బ్యాటరీ దగ్గర ఉన్న రెసిస్టర్లు జవాబును బాగా మారుస్తాయి, దూరం పోయేకొద్దీ వాటి ప్రభావం తగ్గిపోతుంది.

R6 తప్పును పట్టుకోవాలంటే ఓమ్‌లలో కాదు, వోల్టులలో చూడాలి. A, B మధ్య 9 వోల్టుల బ్యాటరీ పెట్టి, మీటర్ నల్ల లీడ్ B మీద ఉంచి, ఎర్ర లీడ్‌తో ఒక్కో బిందువూ తాకించు. అన్నీ సరిగ్గా ఉంటే C దగ్గర సుమారు 3.46, D దగ్గర 1.38, E దగ్గర 0.69 వోల్టులు వస్తాయి. R6 ఊడిపోయి ఉంటే C దగ్గర 3.6 అని చిన్న తేడానే కనిపిస్తుంది, కానీ D దగ్గర 1.8, E దగ్గర కూడా 1.8. D, E సమానమయ్యాయంటే R5లో కరెంటు పోవట్లేదన్నమాట, ఆ తర్వాత ఎక్కడో దారి తెగింది. ఈ వోల్టులన్నీ ఇందాక 12 వోల్టులకు చేసినట్టే నువ్వు కూడా కాగితం మీద తెచ్చుకోగలవు, ఒకసారి చేసి నా అంకెలతో పోల్చుకో.

చివరిగా, ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసి ఉండాలి. నీ బొమ్మలో A నుంచి నేరుగా D దాకా, C మీదుగా దాటేస్తూ, ఇంకో రెసిస్టర్ R7 పెట్టారనుకో. కొస నుంచి మొదలుపెడితే ఇందాకటిలాగే R5, R6, R4 కలిసి D, B మధ్య 2 ఓమ్‌లు అవుతాయి. అక్కడితో ఆగిపోతావు. C దగ్గర R1, R2, R3 మూడు తీగలు, D దగ్గర R3, R7, ఆ 2 ఓమ్‌లు మూడు తీగలు. సిరీస్ జత లేదు. ఏ రెండిటికీ రెండు కొసలూ కలవవు కాబట్టి ప్యారలల్ జతా లేదు. అక్కడ బలవంతంగా ఏదో ఒకటి కూడేస్తే మళ్లీ 14.33 లాంటిదే వస్తుంది. అలాంటి బొమ్మకి స్టార్-డెల్టా మార్పిడి గానీ, కిర్కాఫ్ సూత్రాలతో సమీకరణాలు గానీ కావాలి. అదే R7ని A, C మధ్య పెడితే మాత్రం ఏ ఇబ్బందీ లేదు, R1కి ప్యారలల్ అవుతుంది, అంతే. కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు చూసుకో: ఒక మెట్టును దాటేసి దూకే తీగ ఉంటే ఇది మామూలు ల్యాడర్ కాదు. లేకపోతే కొస దగ్గరికి వెళ్లి R5, R6తో మొదలుపెట్టినట్టే మొదలుపెట్టు.